హోటల్ ఇంటర్న్‌షిప్‌కి కవర్ లెటర్: అనుభవం అంటే మా మామయ్య మెస్ ఒక్కటే, ఏం రాయాలి?

పర్లాకిమిడి_చిన్నోడు

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. భువనేశ్వర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో హోటల్ మేనేజ్‌మెంట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. జూన్ 15 నుంచి 17 వారాలు ఏదో ఒక హోటల్లో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చెయ్యాలి. కాలేజీ వాళ్లు కొన్ని హోటళ్లకి పంపుతారు, సొంతంగా వెతుక్కుంటామన్నా ఒప్పుకుంటారు. నా మనసు రెండింటి మీద ఉంది. ఒకటి విశాఖ బీచ్ రోడ్డులో, రెండోది పూరీలో.

లెటర్ ఇంగ్లీషులోనే పంపాలి. సీనియర్ ఒకాయన దగ్గర తీసుకుని మార్చుకున్నాను. మీకోసం తెలుగులో పెడుతున్నా:

"గౌరవనీయులైన సర్/మేడమ్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో ఇంటర్న్‌గా చేరే అవకాశం కోరుతున్నాను. నేను కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు, మంచి కమ్యూనికేషన్ నైపుణ్యం కలవాడిని. ఒత్తిడిలోనూ పని చేయగలను. అతిథుల సంతృప్తే నా ధ్యేయం. సుమారు నాలుగు నెలల పాటు ఏ విభాగంలోనైనా పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. ఒక్క అవకాశం ఇస్తే నన్ను నేను నిరూపించుకుంటాను."

ఇది పంపేయొచ్చా? అనుభవం అంటే చెప్పుకోదగ్గదేమీ లేదు. సెలవుల్లో మామయ్య మెస్‌లో వడ్డించేవాణ్ణి, అంతే.

గుణుపురం_మాస్టారు

బాబూ, భాష బాగానే ఉంది కానీ చాలా చిన్నదైపోయింది. రెండు పేజీలైనా ఉండాలి. పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, కాలేజీలో చదివిన సబ్జెక్టులు వరసగా రాయి. స్పెల్లింగ్ తప్పు ఒక్కటి కూడా ఉండకూడదు. పంపే ముందు ఇంగ్లీషు వచ్చినవాళ్ల చేత ఒకసారి చదివించు. సంతకం దగ్గర పూర్తి పేరు, ఫోన్ నంబరు మరిచిపోకు.

బరంపురం_బాబాయ్

తమ్ముడూ, నేను బరంపురంలో క్యాటరింగ్ చేస్తాను, పెళ్లిళ్ల సీజన్‌లో నా దగ్గర ముప్పై మంది దాకా కుర్రాళ్లు పని చేస్తారు. నాకెవడూ లెటర్ రాయడు, ఫోన్ చేసి "బాబాయ్, వస్తా" అంటాడు, వచ్చేస్తాడు. పెద్ద హోటల్ అయినా అంతే. లెటర్ ఎవరూ చదవరు. మనిషిని చూస్తారు, షూ చూస్తారు, గోళ్లు చూస్తారు. నీకు ఒరియా వచ్చు, తెలుగు వచ్చు, హిందీ వచ్చు. ఆ మూడు భాషలూ పైన పెద్ద అక్షరాలతో పెట్టు, పని అయిపోతుంది.

సముద్రం_షిఫ్టు

గోపాల్‌పూర్ నుంచి. హోటళ్లలో ట్రైనింగ్ విభాగంలో చాలాకాలం పని చేశాను. ఇలాంటి లెటర్లు సీజన్‌లో గుట్టలుగా వచ్చేవి. బాబాయ్ గారూ, చదవరన్నది సగం నిజం. పూర్తిగా చదవరు. మొదటి రెండు వాక్యాల్లో మూడు విషయాలు వెతుకుతారు: ఏ కాలేజీ, ఏ సంవత్సరం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. అవి దొరకకపోతే రెండో పేరాకి వెళ్లరు.

తమ్ముడూ, నీ లెటర్‌లో ఆ మూడూ లేవు. "సుమారు నాలుగు నెలలు" అన్నావు. హోటల్‌కి ఆ మాటతో పని జరగదు. ట్రైనీలను బ్యాచ్‌ల లెక్కన తీసుకుంటారు. ఒక బ్యాచ్ వెళ్లేలోపు ఇంకో బ్యాచ్ రావాలి, డ్యూటీ చార్టులో పేర్లు పడాలి, యూనిఫామ్, లాకర్, క్యాంటీన్ లెక్క చూసుకోవాలి. జూన్ 15 నుంచి 17 వారాలంటే అక్టోబర్ 11 దాకా. ఆ రెండు తేదీలూ మొదటి వాక్యంలోనే ఉండాలి.

మాస్టారు గారూ, స్పెల్లింగ్ సంగతి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. రెండు పేజీలు మాత్రం వద్దండి. మార్కులన్నీ బయోడేటాలో ఎలాగూ ఉంటాయి. లెటర్ సగం పేజీ దాటితే అవతలివాళ్లకి విసుగు.

ఇక "ఏ విభాగంలోనైనా" అన్నావు. మీ కాలేజీ లాగ్‌బుక్‌లో నాలుగు విభాగాలు ఉంటాయి కదా, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, కిచెన్, సర్వీస్? నాలుగూ తిరగడం తప్పనిసరా? ముందు అది చెప్పు. తర్వాత ఆ మెస్ గురించి కూడా చెప్పు. "అంతే" అని తీసిపారేశావు గానీ, అక్కడ నువ్వు నిజంగా ఏం చేశావో వివరంగా రాయి.

రాయగడ_రమణ

మా అబ్బాయి బ్యాంకు పరీక్షలు రాస్తున్నాడు, వాడికీ ఇలాంటి లెటర్ కావాలి. దీన్నే మార్చుకోవచ్చా? ఇంకో సంగతి, ఈ ఇంటర్న్‌షిప్‌లో జీతం ఎంత ఇస్తారు? లెటర్‌లోనే అడిగేస్తే మంచిది కదా, తర్వాత మొహమాటం ఉండదు.

ఇచ్ఛాపురం_లక్ష్మి

రమణ గారూ, బ్యాంకు పరీక్షకి దీంతో సంబంధం లేదండి. ఇక్కడ ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. ఒక్కో హోటల్లో ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు, భోజనం మాత్రమే పెడతారు. ఎంపికయ్యాక ఇచ్చే కాగితంలో రాస్తారు. లెటర్‌లో ఎవరూ అడగరు.

తమ్ముడూ, నేను పోయినేడాది ట్రైనింగ్ చేశాను. నా అనుభవం చెప్తాను విను. నేనూ నీలాగే "ఏ విభాగంలోనైనా" అని రాశాను. చేరిన మొదటి వారమే బాంకెట్‌లో పడేశారు. వేడినీళ్ల ఆవిరి పట్టడం, గ్లాసులు తుడవడం, ఫోర్కులు తుడవడం. పెళ్లి తర్వాత పెళ్లి. ఫ్రంట్ ఆఫీస్ మొహం చూడనేలేదు. చివరికి లాగ్‌బుక్‌లో ఆ పేజీలు ఖాళీ, కాలేజీలో అడిగితే నేనేం చెప్పను? అందుకే లెటర్‌లోనే "నాలుగు విభాగాలూ ఇవ్వాలి" అని గట్టిగా రాయాలని నా అభిప్రాయం.

సముద్రం_షిఫ్టు

లక్ష్మీ, నీ బాధ నాకు అర్థమైంది, అలాంటివి జరుగుతాయి. కానీ ట్రైనీ "ఇవ్వాలి" అంటే ఆ లెటర్ పక్కకి పోతుంది. అదే మాట కాలేజీ చెబితే బరువుంటుంది. కాలేజీ ట్రైనింగ్ సెల్ ఇచ్చే లెటర్‌లో ఏ విభాగం ఎన్ని వారాలో రాసి ఉంటుంది. దాన్ని జత చేసి, నీ లెటర్‌లో "మా కాలేజీ ప్రకారం నాలుగు విభాగాలు, వివరం జత చేశాను" అంటే చాలు. అప్పుడు నీది డిమాండ్‌లా కనిపించదు, కాలేజీ రూలులా కనిపిస్తుంది.

ఇచ్ఛాపురం_లక్ష్మి

కాలేజీ లెటర్ నేనూ ఇచ్చాను అక్కా. ఎవరూ చూడలేదు.

సముద్రం_షిఫ్టు

అలాంటి హోటల్లో ఏ లెటరూ పని చెయ్యదు, ఒప్పుకుంటాను. వెళ్లేముందు అక్కడ చేసిన సీనియర్లని అడగడం ఒక్కటే దారి.

పర్లాకిమిడి_చిన్నోడు

అక్కా, నాలుగూ తప్పనిసరి. ఒక్కో దాంట్లో నాలుగేసి వారాలు, మిగిలిన వారం మనకి నచ్చినచోట. నాకు సర్వీస్ ఇష్టం.

మెస్ సంగతి. మామయ్యది బస్టాండ్ దగ్గర చిన్న మెస్, మన తెలుగు భోజనం. పప్పు, సాంబారు, వేపుడు అన్నింట్లోనూ వెల్లుల్లి పడుతుంది. మార్గశిర మాసంలో గురువారాలు ఒరియా వాళ్ల ఇళ్లలో మాణబసా కదా, లక్ష్మీపూజ. ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి, నీచు ముట్టరు. బయట ఊళ్ల నుంచి కచేరీ పనుల మీద వచ్చినవాళ్లు మెస్‌లోకి వచ్చి "రసుణ లేనిది ఏముంది?" అని అడిగి, లేదంటే వెళ్లిపోయేవాళ్లు. నేను చూసి మామయ్యకి చెప్పాను. మొదట "ఒక్కరోజు బేరానికి ఇంత అవసరమా" అన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. గురువారం ఒక గిన్నె దాల్మా విడిగా వండడం మొదలెట్టాం, కందిపప్పు, గుమ్మడి, అరటికాయ, కొబ్బరి, పైన వేయించిన జీలకర్ర మిరప పొడి. గరిటె కలిసిపోకుండా పిడికి ఎర్ర దారం కట్టాను. మధ్యాహ్నం రెండింటికల్లా ఆ గిన్నె ఖాళీ అయ్యేది.

కానీ ఇది ఫైవ్ స్టార్ హోటల్‌కి రాస్తే నవ్వరా?

సముద్రం_షిఫ్టు

నవ్వరు. నీ లెటర్ మొత్తానికీ పనికొచ్చేది ఇదొక్కటే. నాయకత్వం, కమ్యూనికేషన్, ఒత్తిడి అన్నీ కొట్టేసి ఇది రాయి.

ఎందుకో చెప్తాను. ఉల్లి, వెల్లుల్లి లేని ఆర్డర్లు పెద్ద హోటల్లో రోజూ వస్తాయి. జైనులు అడుగుతారు, కార్తీకంలో మనవాళ్లు అడుగుతారు, వేరుశెనగ పడనివాళ్లు ఉంటారు. ఎక్కడ తేడా వస్తుందంటే, వెయిటర్ విని, కిచెన్‌కి పంపే ఆర్డర్ చీటీ, అదే కేఓటీలో రాయకుండా నోటితో చెప్తాడు. లేదా రాస్తాడు, కిచెన్‌లో అదే గరిటెతో కలిపేస్తారు. గిన్నె, గరిటె రెండూ వేరుగా ఉండాలని ఎవరూ చెప్పకుండానే నీకు తట్టింది. అది ట్రైనింగ్ మేనేజర్‌కి వెంటనే అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. ఎర్ర దారం సంగతి లెటర్‌లో వద్దు, "గుర్తు పెట్టిన గరిటె" అను చాలు. హోటల్ కిచెన్‌లో ఎర్ర రంగు చాపింగ్ బోర్డు పచ్చి మాంసానిది. శాకాహారపు గరిటెకి ఎర్ర గుర్తు అంటే షెఫ్ కనుబొమ్మలు పైకి లేస్తాయి. పైగా దారం తడిసి మురికి పడుతుంది. ఫోన్‌లో అడిగితే మాత్రం దాచకు. "దారం కట్టాను మేడమ్, మీ దగ్గర రంగుల పద్ధతి వేరని ప్రాక్టికల్స్‌లో నేర్చుకున్నాను" అని చెప్పు. ఆ జవాబు ఇంకా బాగుంటుంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మా దగ్గర గెస్ట్ ఉల్లి వద్దంటే ఏం చేస్తావ్?" తడుముకోకూడదు. గెస్ట్ చెప్పింది తిరిగి చెప్పి ఖాయం చేసుకుంటావు, వెల్లుల్లి కూడా వద్దా అని అడుగుతావు, కేఓటీ మీద రాస్తావు, కిచెన్‌లో ఆర్డర్ తీసుకునే షెఫ్‌కి నోటితోనూ చెప్తావు, ప్లేటు తీసుకునేటప్పుడు మళ్లీ అడిగి తెస్తావు. లెటర్‌లో రాసిన ప్రతి వాక్యం వెనకా ఇలాంటి జవాబు ఉండాలి.

బరంపురం_బాబాయ్

అమ్మా, ఒక గరిటె గురించి ఇంత కథా! మరి మూడు భాషల మాట ఏటి? అది వదిలేశారు.

సముద్రం_షిఫ్టు

వదల్లేదు బాబాయ్ గారూ. భాషలు మంచి పాయింటే, కానీ రెండు లెటర్లలో ఒకేలా రాస్తే ఉపయోగం లేదు. విశాఖ హోటల్లో తెలుగు వచ్చంటే ఎవరికి గొప్ప? అక్కడ ఒరియా గొప్ప. రాయగడ, కోరాపుట్, జయపురం వైపు నుంచి ఆసుపత్రులకి, పెళ్లి షాపింగ్‌కి విశాఖ వచ్చేవాళ్లు బోలెడు. పూరీలో సంగతి తిరగబడుతుంది. అక్కడ ఒరియా అందరికీ వచ్చు. జగన్నాథ దర్శనానికి ఆంధ్ర, తెలంగాణల నుంచి కుటుంబాలతో వస్తారు, పెద్దవాళ్లకి హిందీ అంతంతమాత్రం. పూరీ రిసెప్షన్‌లో తెలుగు మాట్లాడే కుర్రాడు ఉంటే వాళ్ల ప్రాణం లేచొస్తుంది. కాబట్టి విశాఖకి ఒరియా ముందు, పూరీకి తెలుగు ముందు. చదవడం, రాయడం కూడా వస్తే ఆ ముక్క చేర్చు. చాలామంది మాట్లాడతారు గానీ గెస్ట్ రాసిచ్చిన కాగితం చదవలేరు.

జయపురం_ఆతిథ్యం

నేను విశాఖలోనే హోటల్ ఫ్రంట్ ఆఫీస్‌లో చేస్తున్నాను. అక్క చెప్పినదానికి చిన్న సవరణ. మా దగ్గర ఒరియా గెస్ట్‌ల కన్నా బెంగాలీ గెస్ట్‌లు ఎక్కువ, అరకు చూడ్డానికి వస్తారు. బెంగాలీ కొంచెం అర్థమైనా రాయి. రాకపోతే మాత్రం రాయకు, మా డ్యూటీ మేనేజరే బెంగాలీ ఆయన, అక్కడికక్కడే పరీక్ష పెట్టేస్తాడు!

గుణుపురం_మాస్టారు

చర్చ బాగుంది. అయితే "మామయ్య మెస్" అని రాయడం నాకు నచ్చలేదు. చుట్టాల దగ్గర పని అంటే అనుభవంగా లెక్కిస్తారా? "ఒక స్థానిక భోజనశాలలో" అంటే గౌరవంగా ఉంటుంది. బంధుత్వం చెప్పాల్సిన అవసరం ఏముంది?

సముద్రం_షిఫ్టు

మాస్టారు గారూ, ఇందులో నాకూ రెండు మనసులున్నాయి. "స్థానిక భోజనశాల" అంటే ఫోన్‌లో "అక్కడ మీ మేనేజర్ ఎవరు, ఒక మాట రాసిస్తారా" అంటారు. అప్పుడు మామయ్య అని చెప్పాల్సివస్తే ఏదో దాచినట్టుంటుంది. "మా కుటుంబం నడిపే మెస్" అంటే మధ్యేమార్గం అనుకుంటాను.

జయపురం_ఆతిథ్యం

మా హెచ్చార్ అయితే కుటుంబం అన్నమాట చూడగానే "ఇంటి పని" అని పక్కన పెట్టేవాడు. నా ఓటు మాస్టారికే.

పర్లాకిమిడి_చిన్నోడు

అందరి మాటా విని మళ్లీ రాశాను. ఇది విశాఖకి. తెలుగులో పెడుతున్నా, ఇంగ్లీషులోనూ ఇంతే పొట్టి వాక్యాలు.

"ట్రైనింగ్ మేనేజర్ గారికి,

నేను భువనేశ్వర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ రెండో సంవత్సరం విద్యార్థిని. జూన్ 15 నుంచి అక్టోబర్ 11 వరకు, 17 వారాల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ కోసం మీ హోటల్‌కి దరఖాస్తు చేస్తున్నాను. మా కాలేజీ ప్రకారం నాలుగు ప్రధాన విభాగాల్లోనూ శిక్షణ ఉండాలి, వివరం జత చేశాను. వీలుంటే సర్వీస్‌తో మొదలుపెట్టాలని కోరిక.

హోటల్లో నేను ఇంతకుముందు పని చేయలేదు. సెలవుల్లో పర్లాకిమిడిలో మా కుటుంబం నడిపే మెస్‌లో వడ్డన చూసేవాణ్ణి. మార్గశిర గురువారాల్లో ఉల్లి, వెల్లుల్లి తినని ఒరియా అతిథులు తినకుండా వెనక్కి వెళ్లడం గమనించి, వారికోసం దాల్మా వేరే గిన్నెలో, గుర్తు పెట్టిన వేరే గరిటెతో ఇచ్చే ఏర్పాటు చేశాం. ఆ తర్వాత గురువారాల్లో వారు మా దగ్గరే భోంచేశారు.

మీ హోటల్‌కి దక్షిణ ఒడిశా నుంచి అతిథులు వస్తారు. నాకు ఒరియా మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చు, తెలుగు, హిందీ కూడా వచ్చు. రాత్రి షిఫ్టులకీ, పండుగ రోజుల డ్యూటీకీ సిద్ధం. బయోడేటా, కాలేజీ లెటర్, ఫోటో జత చేశాను. ఫోన్‌లో మాట్లాడేందుకు సాయంత్రం నాలుగు తర్వాత అందుబాటులో ఉంటాను."

సముద్రం_షిఫ్టు

"హోటల్లో నేను ఇంతకుముందు పని చేయలేదు" అన్న వాక్యం ఉంచు. చాలామంది తీసేయమంటారు. రెండో సంవత్సరం పిల్లాడికి అనుభవం ఉండదని అవతలివాళ్లకి తెలుసు. ఉన్నట్టు రాస్తేనే అనుమానం.

రెండు మార్పులు. "మీ హోటల్‌కి దక్షిణ ఒడిశా నుంచి అతిథులు వస్తారు" అని వాళ్ల సంగతి వాళ్లకే చెప్పొద్దు, "విశాఖకి" అను. చివర్లో "సాయంత్రం నాలుగు తర్వాత" కూడా తీసేయి, మేనేజర్ గారు నీ వీలు చూసుకుని ఫోన్ చెయ్యరు. నంబరు ఇచ్చి ఊరుకో, క్లాసులో ఉండి ఎత్తలేకపోతే తిరిగి చెయ్యి.

ఎవరికి పంపుతున్నావన్నది కూడా చూసుకో. వెబ్‌సైట్‌లో కనిపించేది ఎక్కువగా రిజర్వేషన్ల మెయిల్. అక్కడికి పంపితే గదుల బుకింగ్‌ల మధ్య పోతుంది. హోటల్ బోర్డు నంబరుకి మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఫోన్ చేసి హెచ్చార్ లేదా ట్రైనింగ్ విభాగం మెయిల్ అడుగు. పదకొండు, పన్నెండు గంటలప్పుడు చెయ్యొద్దు, చెకౌట్ల రద్దీలో ఎవరూ నిలబడి చెప్పరు. సబ్జెక్ట్ లైన్ ఇలా ఉంటే మెయిల్ తెరవకుండానే విషయం తెలుస్తుంది:

```
Industrial Training, 2nd Year, 15 June to 11 October
```

పూరీ లెటర్‌లో హోటల్ పేరు, భాషల వరస, "విశాఖ" అన్న మాట మార్చడం మరవకు. ఒక హోటల్‌కి రాసిన లెటర్‌లో ఇంకో హోటల్ పేరు ఉండడం నేను చూసినన్నిసార్లు ఇంకే తప్పూ చూడలేదు. ఇంకొకటి, ఆషాఢంలో రథయాత్ర. పూరీ హోటళ్లకి చేతులు చాలని రోజులు. నీ తేదీలు ఆ రోజుల్ని కలుపుకుంటున్నాయి కాబట్టి "రథయాత్ర రోజుల్లో సెలవు అడగను" అని ఒక్క వాక్యం రాస్తే అక్కడ నీ లెటర్‌కి విలువ పెరుగుతుంది. నిజంగా అడగనంటేనే రాయి.

ఇచ్ఛాపురం_లక్ష్మి

ఉండడానికి రూమ్ కావాలా వద్దా అన్నది రాయలేదేం తమ్ముడూ? నాకు చేరాక తెలిసింది హాస్టల్ లేదని. రాత్రి పదకొండుకి షిఫ్టు దిగి ఆటో దొరక్క నానా అవస్థలు పడ్డాను. అమ్మాయిలైతే ముందే అడగాలి.

జయపురం_ఆతిథ్యం

లెటర్‌లో వద్దు, రూమ్ అడిగితే లోకల్ పిల్లల్ని తీసుకుంటారు. సెలెక్ట్ అయ్యాక అడగాలి.

ఇచ్ఛాపురం_లక్ష్మి

సెలెక్ట్ అయ్యాక లేదంటే ఏం చేస్తాం? అప్పటికి మిగతా హోటళ్లు నిండిపోతాయి.

సముద్రం_షిఫ్టు

ఇద్దరిదీ నిజమే. మెయిల్ అడ్రస్ కోసం ఫోన్ చేస్తావుగా, అప్పుడే "ట్రైనీలకి హాస్టల్ ఉందా" అని మామూలుగా అడుగు. పేరు చెప్పనక్కర్లేదు. ఆపరేటర్‌కి తెలియకపోతే మాత్రం నా దగ్గర ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

రాయగడ_రమణ

మా అబ్బాయి ఇదంతా చదివి బ్యాంకు వద్దు, హోటల్ మేనేజ్‌మెంట్ చేస్తానంటున్నాడు. వాళ్లమ్మకి టెన్షన్ మొదలైంది. వాడికి వంట అసలు రాదు, ఫర్వాలేదా?

బరంపురం_బాబాయ్

రమణ గారూ, ఈ పెళ్లిళ్ల సీజన్‌లో వాణ్ణి నా దగ్గరికి ఒక వారం పంపండి. మానేస్తాడో ఉంటాడో అప్పుడే తేలిపోద్ది.

పర్లాకిమిడి_చిన్నోడు

రెండూ పంపాను. పూరీ నుంచి జవాబొచ్చింది. కాలేజీ లెటర్ మీద ప్రిన్సిపాల్ సంతకం ఉంది గానీ సీలు లేదట, సీలు వేయించి మళ్లీ పంపమన్నారు, శుక్రవారం ఫోన్‌లో మాట్లాడతామన్నారు. విశాఖ నుంచి ఇంకా ఏమీ లేదు. మెస్ మాట "మా కుటుంబం" అనే ఉంచాను మాస్టారూ, ఏమనుకోకండి. అక్కా, విశాఖ వాళ్లకి మళ్లీ మెయిల్ పెట్టాలంటే ఎన్నాళ్లు ఆగాలి?

సముద్రం_షిఫ్టు

పది రోజులు ఆగు. తర్వాత కొత్త మెయిల్ పెట్టొద్దు, పాతదానికే జవాబుగా రెండు లైన్లు రాయి, తేదీలు మళ్లీ చెప్పు. సీలు ఉన్న కాగితం ఈసారి వాళ్లకీ జత చెయ్యి, అదొక వంక అవుతుంది.